ఇల్లు అత్తగారి పేరున, చెల్లి పుట్టింట్లో: రక్షణ ఉత్తర్వు కోసం ఏ కోర్టుకి వెళ్లాలి?

రాధిక_ఖమ్మం | ఆగస్టు 19, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. విషయం మా చెల్లిది. పెళ్లై ఏడేళ్లు, ఐదేళ్ల పాప. కాపురం తెనాలిలో. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది. మా మరిది తాగి కొట్టే రకం కాదు, తాగకుండానే కొడతాడు. ఈ నెల 9న రాత్రి చెయ్యి మెలిపెట్టి, పాపతో సహా గుమ్మం బయటికి నెట్టి తలుపేసుకున్నాడు. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. తెల్లవార్లూ పక్కింటి వసారాలో కూర్చున్నారు తల్లీకూతుళ్లు. పొద్దున్నే నాన్న వెళ్లి ఖమ్మం తీసుకొచ్చారు.

ఇప్పుడు రోజూ ఫోన్లు. "పాపని స్కూల్ దగ్గరే ఎత్తుకెళ్తా, ఏం చేస్తారో చూస్తా" అంటాడు. పాపని ఇక్కడ మా వీధి చివరి స్కూల్లో వేశాం, రోజూ నాన్న గేటు దగ్గరే కాపలా ఉంటున్నారు. చెల్లి బంగారం మొత్తం మరిది పేరున ఉన్న బ్యాంకు లాకర్లో ఉంది.

పోలీసు కేసంటే చెల్లి ఒప్పుకోవట్లేదు. "వాడు జైలుకెళ్లక్కర్లేదక్కా, నా జోలికి రాకపోతే చాలు" అంటోంది. అలా రాకుండా కోర్టు ఆర్డర్ ఇస్తుందని విన్నాం. దానికి ముందు ఎఫ్ఐఆర్ ఉండాలా? తెనాలిలోనే వెయ్యాలా? ఇల్లు అత్తగారిదైతే చెల్లికి అక్కడ ఏమీ లేనట్టేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_కిట్టు | ఆగస్టు 19, రాత్రి 10:40

రాధిక గారూ, ముందు తెనాలి స్టేషన్లో 498ఏ వేధింపుల కేసు పెట్టండి. ఎఫ్ఐఆర్ లేకుండా కోర్టు మొహం కూడా చూడదు. కాపురం ఎక్కడో కేసూ అక్కడే, ఖమ్మంలో కుదరదు. ఇక ఇల్లు అత్తగారి పేరున ఉందంటే దాని మీద ఆశ వదులుకోండి. మా పిన్ని కూతురి కేసులో లాయర్ ఇదే చెప్పాడు.

శారద_కౌన్సెలర్ | ఆగస్టు 20, ఉదయం 6:55

రాధికమ్మా, గృహ హింస విభాగంలో లీగల్ కౌన్సెలర్‌గా పదకొండేళ్లు చేశాను, ఇప్పుడు మానేశాను. కిట్టు గారు చెప్పిన మొదటి రెండూ కాదు. మూడోది ఒకప్పుడు నిజం.

మీరడుగుతున్నది 2005 గృహ హింస చట్టం కింద ఇచ్చే రక్షణ ఉత్తర్వు. దానికి ఎఫ్ఐఆర్ అక్కర్లేదు. నేరుగా మెజిస్ట్రేట్ కోర్టులో సెక్షన్ 12 కింద దరఖాస్తు వేసుకోవచ్చు. ఇందులో మీ మరిది ముద్దాయి కాదు, ప్రతివాది. కోర్టు అతన్ని శిక్షించదు, "ఇది చెయ్యకు" అని కట్టడి చేస్తుంది. ఆ కట్టడి దాటితేనే నేరం. మీ చెల్లి అడుగుతున్నది సరిగ్గా అదే. పోలీసు కేసు కావాలనుకుంటే వేరే పెట్టుకోవచ్చు, ఒకటి పెడితే రెండోది పోదు. కిట్టు గారూ, 498ఏ కూడా 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85 అయింది.

ఎక్కడ వెయ్యాలంటే, ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటైనా వెయ్యొచ్చని సెక్షన్ 27 చెబుతోంది. పుట్టింట్లో ఉంటోంది కాబట్టి ఖమ్మం చాలు. అక్కడి కోర్టు ఇచ్చిన ఉత్తర్వు తెనాలిలోనూ చెల్లుతుంది, రాష్ట్రం మారిందన్న ఇబ్బంది లేదు.

ఇక ఇల్లు. అత్తమామల సొంత ఇంట్లో కోడలికి నివాస హక్కు లేదని ఒకప్పుడు సుప్రీంకోర్టు అన్నమాట నిజమే. అదే కోర్టు 2020 అక్టోబరులో ముగ్గురు జడ్జిలతో ఆ తీర్పుని పక్కన పెట్టింది. ఇల్లు ఎవరి పేరున ఉందన్నది కాదు ప్రశ్న, భార్యాభర్తలు కాపురంగా అక్కడ ఉన్నారా అన్నది. ఏడేళ్లు ఉన్నారు కదా. ఆస్తిలో వాటా రాదు, అక్కడ ఉండే హక్కు ఉంటుంది. రెండూ వేరు.

ఒక మెలిక కూడా చెప్పాలి. హింసించిన మగవాణ్ణి ఇల్లు ఖాళీ చెయ్యమని మెజిస్ట్రేట్ చెప్పొచ్చు కానీ, ఆడవాళ్లని ఖాళీ చెయ్యమనకూడదు. అంటే మీ చెల్లి అత్తగారు అక్కడే ఉంటారు. ఆ ఇంట్లో ఆవిడతో కలిసి ఉండగలదా లేదా అన్నది మీ చెల్లి తేల్చుకోవాలి. ఉండలేనంటే, అదే స్థాయి ఇంకో ఇల్లు చూపించమనో, అద్దె కట్టమనో అడగొచ్చు.

రామ్మోహన్_ఆర్ | ఆగస్టు 20, ఉదయం 9:20

ఏడేళ్ల కాపురం అమ్మా. విడాకుల దాకా వెళ్లే ముందు రెండు వైపులా పెద్దమనుషులు కూర్చోండి. పిల్ల ఉంది. ఈ చట్టాల్లో మగాడి మాట వినేదెవరు? ఒక కాగితం రాసిస్తే ఇంట్లోంచి గెంటేస్తారు.

రాధిక_ఖమ్మం | ఆగస్టు 20, ఉదయం 9:48

బాబాయ్ గారూ, విడాకుల మాట నేనెక్కడా ఎత్తలేదండీ. పెద్దమనుషులు ఇప్పటికే రెండుసార్లు కూర్చున్నారు. రెండోసారి కూర్చున్న నాలుగో రోజునే చెయ్యి చిట్లింది.

శారద_కౌన్సెలర్ | ఆగస్టు 20, ఉదయం 10:30

రామ్మోహన్ గారూ, ఈ దరఖాస్తుకీ విడాకులకీ సంబంధం లేదు. వివాహం అలాగే ఉంటుంది. మగాడి మాట విషయానికొస్తే, నోటీసు వెళ్తుంది, అతను వచ్చి కౌంటర్ వేస్తాడు, ఆమెని క్రాస్ ఎగ్జామిన్ చేస్తాడు. పరిస్థితులు మారాయంటే ఉత్తర్వు మార్చమని అడగొచ్చు. నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు.

రాధికా, అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో పడాలి, ఆ తర్వాత అరవై రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి అని చట్టంలో ఉంది. ఆ అరవై రోజుల్లో తేలినవి నా సర్వీసులో తక్కువే చూశాను. కాబట్టి చివరి తీర్పు మీద కాదు, మధ్యంతర ఉత్తర్వు మీద దృష్టి పెట్టండి. అది సెక్షన్ 23. పరిస్థితి అత్యవసరమనిపిస్తే అవతలి వాడు రాకముందే, అఫిడవిట్ ఒక్కటి చూసి మెజిస్ట్రేట్ ఇవ్వొచ్చు. పాపని ఎత్తుకెళ్తానన్న బెదిరింపు మీ దగ్గర రికార్డుంటే అలాంటి పరిస్థితే.

కాగితాలు రెండు. దరఖాస్తు ఫారం 2లో, మధ్యంతరం కోసం అఫిడవిట్ ఫారం 3లో. చాలామంది మొదటిదే వేసి, రెండోది లేక నెలలు పోగొట్టుకుంటారు.

రాధిక_ఖమ్మం | ఆగస్టు 21, సాయంత్రం 6:15

శారద గారూ, చాలా థాంక్స్. కోర్టు దగ్గర ఒకాయన చేత రాయించాం. రెండు పేజీలుంది. అసలు ముక్క ఇది: "ప్రతివాది పిటిషనర్‌ను వివాహమైన నాటి నుండి తరచూ శారీరకంగా, మానసికంగా, ఆర్థికంగా హింసించుచూ, అసభ్య పదజాలముతో దూషించుచూ, ప్రాణభయము కలిగించినాడు." సరిపోతుందా?

ఇంకోటి. ఖమ్మం వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ చెల్లి భయపడి "బాత్రూంలో జారిపడ్డాను" అని చెప్పింది. ఓపీ చీటీలో అదే రాశారు. ఇప్పుడు అదే మా మెడకి చుట్టుకుంటుందా?

శారద_కౌన్సెలర్ | ఆగస్టు 21, రాత్రి 8:05

ఆ వాక్యం నేను కొన్ని వందల దరఖాస్తుల్లో చదివాను. పేరు మారుస్తే ఏ ఇంటికైనా అతుకుతుంది. మెజిస్ట్రేట్ కూడా రోజూ చదువుతారు. అందులో తేదీ లేదు, చోటు లేదు, చూసినవాళ్లు లేరు. అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యమైతే రేపు ఏం జరుగుతుందో లేదు. మధ్యంతరానికి కావాల్సింది ఆ రేపటి సంగతే.

ఇలా రాయించండి: "ఆగస్టు 9 శనివారం రాత్రి సుమారు పదిన్నరకి, నా జీతం ఏటీఎం కార్డు ఇవ్వనన్నందుకు నా భర్త నా కుడిచెయ్యి వెనక్కి మెలిపెట్టి, నన్నూ నా కూతుర్నీ వీధి గుమ్మం బయటికి నెట్టి లోపల గడియ పెట్టాడు. మా అత్తగారు హాల్లో ఉండి చూశారు. ఆ రాత్రి పక్కింటి వసారాలో ఉన్నాము. ఆగస్టు 17 ఉదయం నా ఫోనుకి వాయిస్ మెసేజ్ పంపి పాపని స్కూల్ దగ్గర నుంచి తీసుకెళ్తానన్నాడు." కారణం, వారం, గంట, చూసినవాళ్లు, మెసేజ్ తేదీ అన్నీ మీ చెల్లి చెప్పినట్టే పెట్టండి, నేను ఊహించి రాశాను. ఇలాంటి ఘటనలు మూడు నాలుగు చాలు. పాతవైనా రాయొచ్చు. సెక్షన్ 12 దరఖాస్తుకి ఏడాది గడువేదీ అడ్డం రాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఓపీ చీటీ గురించి బాధపడకండి, దాచనూ వద్దు. దాస్తే క్రాస్‌లో అవతలి లాయరే తీస్తాడు. "ఆసుపత్రిలో నిజం చెప్పడానికి భయపడి జారిపడ్డానన్నాను" అని అఫిడవిట్లో మీరే రాయండి. ఎక్స్‌రే జత చెయ్యండి. జారిపడితే మెలితిరిగినట్టు చిట్లుతుందా లేదా అన్నది డాక్టర్ చెప్పాల్సిన సంగతి, అఫిడవిట్లో మీరు వాదించొద్దు.

ఏమేం కావాలో ఒక్కొక్కటీ విడిగా అడగాలి. అడగనిది సాధారణంగా రాదు. కొట్టకూడదు అన్నది ఎలాగూ రాస్తారు. ఖమ్మం ఇంటికీ, పాప స్కూలుకీ రాకూడదని ఆ రెండు చిరునామాలూ వేసి అడగండి. ఫోన్, మెసేజ్, వేరేవాళ్ల చేత కబురు, ఏదీ చెయ్యకూడదని అడగండి. మీ అమ్మానాన్నల జోలికి రాకూడదని కూడా చేర్చొచ్చు, చట్టంలో ఆ వీలుంది. కోర్టు అనుమతి లేకుండా లాకర్ తెరవకూడదని బ్యాంకు బ్రాంచి, లాకర్ నంబరుతో సహా అడగండి. నంబరు తెలియకపోతే బ్రాంచి అయినా రాయండి. ఉట్టి "బంగారం ఇప్పించండి" అంటే, ఏ బంగారం అని తగువు మొదలవుతుంది. పెళ్లి ఫోటోలు చూసి, ఏ నగ ఎన్ని గ్రాములో ఒక పట్టిక రాయండి.

లాయర్‌కి డబ్బు లేదంటే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

గోదావరి_పద్మ | ఆగస్టు 21, రాత్రి 9:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పక్కింటి మామ్మగారికి డెబ్బై దగ్గర. పింఛను డబ్బుల కోసం కొడుకు కొడుతున్నాడు. ఇది భార్యలకి మాత్రమేనా? ఆవిడ మొగుడు పోయి పదేళ్లయింది.

శారద_కౌన్సెలర్ | ఆగస్టు 21, రాత్రి 9:52

పద్మ గారూ, తల్లి కూడా వెయ్యొచ్చు. ఒకే ఇంట్లో ఉన్న, లేక ఉండిన రక్తసంబంధం చాలు. అక్కచెల్లెళ్లూ వెయ్యొచ్చు. ఆవిడకి ఇంకో దారి కూడా ఉంది, 2007 వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్. కొట్టడం ఆగాలంటే మాత్రం మొదట చెప్పినదే. కొడుకు ఇంట్లో ఉండగా ఆవిడతో దీని గురించి ఫోన్లో మాట్లాడకండి.

జహీరా_బి | ఆగస్టు 22, మధ్యాహ్నం 1:10

రాధిక అక్కా, ఆర్డర్ వచ్చాక ఏమవుతుందో నన్నడుగు. నాకు మధ్యంతరం పదిహేను రోజుల్లోనే వచ్చింది, సంబరపడ్డాను. మూడో వారం అతను మా గేటు ముందుకొచ్చి బండి ఆపి హారన్ కొట్టాడు, బూతులు తిట్టాడు. స్టేషన్‌కి వెళ్తే రైటర్ "మాకు ఆర్డర్ రాలేదమ్మా, ఫ్యామిలీ మ్యాటర్, కోర్టులోనే చూసుకో" అన్నాడు. నిజంగానే వాళ్ల దగ్గర కాపీ లేదు. కోర్టు నుంచి వెళ్లలేదో, వెళ్లి ఏ ఫైల్లో పడిందో తెలీదు.

అప్పుడు మా లాయరమ్మ చెప్పింది. ఆర్డర్ కాపీ మనకీ, స్టేషన్‌కీ కోర్టే ఉచితంగా ఇవ్వాలట. అయినా నమ్ముకోవద్దంది. సర్టిఫైడ్ కాపీ తీసుకుని నేనే స్టేషన్లో ఇచ్చి, రెండో కాపీ మీద సీలు, తేదీ వేయించుకున్నాను. ఆ సీలు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంచుకుంటా. తర్వాతి సారి 112కి ఫోన్ చేసి "ప్రొటెక్షన్ ఆర్డర్ ఉంది, డీవీసీ కేసు నంబరు ఇంత" అని చెప్పాను. జీపు వచ్చింది.

బెజవాడ_కిట్టు | ఆగస్టు 22, మధ్యాహ్నం 2:25

ఖమ్మం సంగతి నిన్న మా లాయర్‌ని అడిగాను, శారద గారు చెప్పిందే నిజమన్నాడు. సారీ. కానీ ఆయన ఇంకోటి అన్నాడు. ముందు ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికెళ్లి, వాళ్లు డీఐఆర్ పంపితేనే కోర్టు తీసుకుంటుందని. ఇది కరెక్టేనా?

శారద_కౌన్సెలర్ | ఆగస్టు 22, సాయంత్రం 5:40

సగం కరెక్టు. డీఐఆర్ అంటే జరిగినదంతా రాసి రక్షణాధికారి మెజిస్ట్రేట్‌కి పంపే నివేదిక. అది వచ్చి ఉంటే మెజిస్ట్రేట్ తప్పనిసరిగా చూడాలి. రాకపోయినా ఉత్తర్వు ఇవ్వొచ్చని 2022లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి లాయర్ ద్వారా నేరుగా వెయ్యొచ్చు.

నన్నడిగితే రక్షణాధికారి దారి కూడా మంచిదే. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసుకో, సఖి సెంటర్‌కో వెళ్తే కాగితాలు రాసిపెడతారు, ఖర్చుండదు. మా విభాగం మీద నేనే చెప్పకూడదు గానీ, ఒక్కటి చూసుకోండి. కొన్ని చోట్ల ముందు ఇద్దర్నీ పిలిచి కౌన్సెలింగ్ అంటారు, అతను రాడు, మళ్లీ తేదీ ఇస్తారు, నెలన్నర పోతుంది. దరఖాస్తుకి ముందు కౌన్సెలింగ్ అయి తీరాలని చట్టంలో లేదు. కేసు నడుస్తుండగా మెజిస్ట్రేట్ పంపితే అది వేరు. "మాకు ఇప్పుడు కౌన్సెలింగ్ వద్దు, డీఐఆర్ రాసి పంపండి" అని కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి.

జహీరా చెప్పింది ప్రింటు తీసి పెట్టుకోండి. ఉత్తర్వు దాటితే సెక్షన్ 31, ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు మెజిస్ట్రేట్ అనుమతి లేకుండానే కేసు కట్టొచ్చు, బెయిలు హక్కుగా రాదు. ఆమె ఒక్కదాని సాక్ష్యం మీదే కోర్టు నేరం రుజువైందని తీసుకోవచ్చు.

రాధిక_ఖమ్మం | సెప్టెంబరు 18, రాత్రి 9:05

అందరికీ అప్‌డేట్ ఇవ్వాలి. సేవాధికార సంస్థ ద్వారా ఒక లాయర్ గారిని ఇచ్చారు. అఫిడవిట్ మళ్లీ రాయించాం. వాయిస్ మెసేజ్ ఉన్న ఫోను తీసుకెళ్లమన్నారు, తీసుకెళ్లాం. మొదటి వాయిదాకి మెజిస్ట్రేట్ గారు చదివి, ఖమ్మం ఇంటికీ, స్కూలుకీ రాకూడదని, ఫోన్ చెయ్యకూడదని అదే రోజు ఇచ్చారు. లాకర్ కూడా తెరవకూడదన్నారు. ఇంటి సంగతి, ఖర్చుల సంగతి అతని వాదన విన్నాక చూస్తామన్నారు.

సీలు వేయించాం, రెండు స్టేషన్లలోనూ. స్కూల్ హెడ్మాస్టర్‌కి ఒక కాపీ ఇస్తే వాచ్‌మన్‌కి అతని ఫోటో చూపించి పెట్టారు. బ్యాంకుకి నాన్న స్వయంగా తీసుకెళ్లి ఇచ్చారు. మేనేజర్ మొదట "మా లీగల్ వాళ్లని అడగాలి" అన్నాడు గానీ తీసుకున్నాడు.

నిన్న రెండో వాయిదాకి అతను లాయర్‌తో వచ్చాడు. జీతం పద్దెనిమిది వేలేనని చెప్పాడు. చెల్లి ముప్పై ఐదు అంటోంది, స్లిప్ మా దగ్గర లేదు. ఇద్దర్నీ ఆదాయం, ఆస్తి, అప్పుల అఫిడవిట్ వెయ్యమన్నారు.

ఇప్పుడు రెండు సందేహాలు. ఖర్చులకి ఇంత అని కోర్టు వేశాక అతను ఇవ్వకపోతే, దానికీ ఆ జైలు సెక్షనేనా? రెండోది, చెల్లి తెనాలి ఇల్లు అడగాలా, అద్దె అడగాలా?

శారద_కౌన్సెలర్ | సెప్టెంబరు 19, ఉదయం 7:20

అఫిడవిట్ మంచిదే. 2020 నవంబరు నుంచి భరణం అడిగే ప్రతి కేసులోనూ ఇద్దరూ వెయ్యాలని సుప్రీంకోర్టు చెప్పింది. అందులో అబద్ధం చెబితే చిక్కులొస్తాయని అతని లాయర్‌కి తెలుసు. స్లిప్ లేకపోతే అతని ఆఫీసు పేరు, హోదా రాసి, జీతం వివరాలు తెప్పించమని పిటిషన్ వెయ్యండి.

ఖర్చులు ఇవ్వకపోతే సెక్షన్ 31 పడుతుందా అన్నదాని మీద హైకోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. ఆ సెక్షన్ "రక్షణ ఉత్తర్వు" అన్న మాటే వాడింది, డబ్బు ఉత్తర్వు దాని కిందికి రాదని కొన్ని తీర్పులున్నాయి. దాని మీద ఆశ పెట్టుకోకండి. జీతగాడు కాబట్టి, అతని యజమానే నేరుగా మీ చెల్లి ఖాతాలోనో కోర్టులోనో కట్టేలా ఉత్తర్వు అడగండి. సెక్షన్ 20లో ఆ వీలుంది. వారంటు వెంట తిరగడం కంటే అది నయం.

జహీరా_బి | సెప్టెంబరు 19, ఉదయం 11:00

ఇల్లు విషయంలో నా మాట: నేను గది అడిగాను, కోర్టు ఇచ్చింది. మూడు నెలలు ఉన్నాను. ఎవరూ కొట్టలేదు, ఎవరూ మాట్లాడలేదు. వంటింట్లో గ్యాస్ బండ తీసి పైగదిలో పెట్టి తాళం వేసేవారు. దానికి ఏ సెక్షన్ అని వెళ్లాలి? తర్వాత అద్దెకి మార్పించుకున్నాను.

శారద_కౌన్సెలర్ | సెప్టెంబరు 19, ఉదయం 11:45

జహీరా, అదీ హింస కిందికే వస్తుంది, రాసిచ్చి ఉంటే బాగుండేది. కానీ నీ ఇబ్బంది అర్థమైంది.

రాధికా, నేనైతే వేరేలా ఆలోచిస్తాను. ఇల్లు అడగకపోతే, రేపు అత్తగారు దాన్ని అమ్మేస్తే చెల్లికి పట్టు ఉండదు. అడిగితే వెళ్లి తీరాలని లేదు. ఆమెని ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు, ఇల్లు అమ్మకూడదు అని ఒకటి, అప్పటిదాకా అద్దె అని ఒకటి, రెండూ అడగొచ్చు. లాయర్ గారిని అడిగి చూడండి.

రాధిక_ఖమ్మం | సెప్టెంబరు 19, రాత్రి 10:30

లాయర్ గారు రెండూ వేద్దామన్నారు. చెల్లి ఇంకా ఏమీ తేల్చలేదు. "ఆ ఇంట్లో నా కుట్టు మిషన్ ఉందక్కా" అంటోంది. దాన్ని కూడా పట్టికలో రాశాం, నగల తర్వాత. వాయిదా అక్టోబరు 6కి వేశారు.